మూడు టిక్కుల్లో సగం

1981లో వచ్చిన ఐబీఎం పీసీ మదర్‌బోర్డు మీద 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి ఉండేది. అమెరికా రంగుల టీవీలు వాడే పౌనఃపున్యానికి అది నాలుగు రెట్లు కాబట్టి ఒకే క్రిస్టల్ తెరకూ ప్రాసెసర్‌కూ సరిపోయింది. ఇంటెల్ 8284 అనే చిప్ దాన్ని మూడుతో భాగించి, 4.77 మెగాహెర్ట్జ్ క్లాకును 8088 ప్రాసెసర్‌కు అందించేది. ఆ క్లాకు ప్రతి ఆవృత్తిలోనూ మూడో వంతు సేపు మాత్రమే పైస్థాయిలో ఉండేది. మిగతా రెండు వంతులూ కిందే. ఇలా పైన ఉండే కాలం వాటానే డ్యూటీ సైకిల్ అంటారు. 8088ను 33 శాతానికే రూపొందించారు కనుక అక్కడ ఏ పేచీ రాలేదు.

అదే 8284 మరో క్లాకునూ ఇచ్చేది. 4.77ను ఇంకోసారి రెండుతో భాగించిన 2.386 మెగాహెర్ట్జ్ అది. దాని డ్యూటీ సైకిల్ మాత్రం కచ్చితంగా 50 శాతం. రెండుతో భాగించడానికి ఒక ఫ్లిప్‌ఫ్లాప్ చాలు. ప్రతి టిక్కుకూ పైనుంచి కిందికో, కింది నుంచి పైకో మారుతుంది. టిక్కుల మధ్య ఎడం సమానం కనుక రెండు సగాలూ సమానమే.

మూడు దగ్గర ఈ లెక్క కుదరదు. క్లాకు పైకి లేచే అంచులను మాత్రమే లెక్కపెట్టే కౌంటర్‌కు సగం టిక్కు అనేది కనబడదు. మూడు టిక్కుల్లో ఒకటి పైన, రెండు కింద ఉంచగలదు, లేదా రెండు పైన, ఒకటి కింద. కావలసిందేమో ఒకటిన్నర. ఆ అర టిక్కు క్లాకులోనే ఉంది, అది కిందికి దిగే అంచు దగ్గర.

100 మెగాహెర్ట్జ్ క్లాకును తీసుకుందాం. ఒక ఆవృత్తి 10 నానోసెకన్లు. 0, 10, 20 వద్ద లేస్తుంది, 5, 15, 25 వద్ద దిగుతుంది. మూడేసి టిక్కులు లెక్కపెట్టే కౌంటర్ సాయంతో మొదటి ఫ్లిప్‌ఫ్లాప్‌ను 0 నుంచి 10 వరకు పైన ఉంచుదాం. రెండో ఫ్లిప్‌ఫ్లాప్ దిగే అంచు దగ్గర మొదటిదాన్ని చూసి, అదెలా ఉంటే తానూ అలా మారుతుంది. 5 వద్ద చూస్తే మొదటిది పైన ఉంది కనుక తానూ లేస్తుంది. 15 వద్ద చూస్తే అది దిగిపోయి ఉంది కనుక తానూ దిగుతుంది. ఈ రెంటినీ ఆర్ గేటుతో కలిపితే, ఏ ఒక్కటి పైన ఉన్నా ఫలితం పైనే. 0 నుంచి 15 వరకు పైన, 15 నుంచి 30 వరకు కింద. 33.3 మెగాహెర్ట్జ్, సరిగ్గా సగం సగం. ఐదుతో భాగించాలన్నా ఇదే పద్ధతి. మొదటిదాన్ని రెండు టిక్కులు పైన ఉంచితే, రెండోది అర టిక్కు జోడించి రెండున్నర చేస్తుంది.

ఇందులో అందమైన సంగతి 10వ నానోసెకను వద్ద జరుగుతుంది. మొదటిది దిగుతున్న ఆ క్షణాన రెండోది స్థిరంగా పైనే ఉంది కాబట్టి ఆర్ గేటు తొణకదు. అయితే మొదటి సంకేతం తప్పక ఫ్లిప్‌ఫ్లాప్ నుంచే రావాలి. కౌంటర్ బిట్లను గేట్లతో నేరుగా కలిపి దాన్ని పుట్టిస్తే ఇబ్బంది. లెక్క 01 నుంచి 10కి మారేటప్పుడు రెండు బిట్లూ ఒకేసారి మారవు. మధ్యలో లిప్తపాటు 00 కనిపించి, సన్నటి దొంగ పల్స్ ఒకటి బయటికి పోవచ్చు. దాన్నందుకున్న సర్క్యూట్ అదనంగా ఒక టిక్కు లెక్కేసుకుంటుంది. గేట్లకు ఆలస్యమే లేదనుకునే సిమ్యులేషన్‌లో ఇది కనబడకపోవచ్చు. ఇంకో షరతు: మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ విలువ రెండోదానికి 10 నానోసెకన్లలో కాదు, 5లోపే చేరాలి.

అన్నిటికన్నా పెద్ద పరిమితి అసలు క్లాకులోనే ఉంది. అర టిక్కును దాని దగ్గరే అరువు తెచ్చుకున్నాం. అది 5కు బదులు 6 వద్ద దిగితే రెండో ఫ్లిప్‌ఫ్లాప్ 16 వద్ద దిగుతుంది. ఫలితం 16 పైన, 14 కింద, అంటే 53.3 శాతం. మూలంలోని 10 శాతం వంకర ఇక్కడ మూడో వంతుకు తగ్గింది కానీ పోలేదు. ఆసిల్లోస్కోపులో పైన ఉన్న కాలాన్నీ, మొత్తం ఆవృత్తినీ విడివిడిగా కొలిస్తే ఇట్టే తెలుస్తుంది.

లేచే అంచులను మాత్రమే వాడే సర్క్యూట్‌కు, పల్స్ మరీ సన్నం కానంత వరకు, ఈ తేడా పట్టదు. రెండు అంచుల మీదా డేటా పంపే డీడీఆర్ మెమరీ లాంటి చోట్ల పడుతుంది. 14 నానోసెకన్ల సగంలో వెళ్లే డేటాకు ఒక నానోసెకను తక్కువవుతుంది. అలాంటప్పుడు పీఎల్ఎల్‌తో మొదట 200 మెగాహెర్ట్జ్‌కు పెంచి, మూడుతో భాగించి, చివర ఒక ఫ్లిప్‌ఫ్లాప్‌తో రెండుతో భాగించడం మేలు. 8284 తన రెండో క్లాకును సమం చేసింది ఈ చివరి మెట్టుతోనే.