టీవీ మూలన వెలిగే ‘హెచ్‌డీఆర్’ మాట ఎంత నిజం?

ఒకే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ను ఎల్‌జీ ఓలెడ్ టీవీకి తగిలిస్తే తెర మీద ‘డాల్బీ విజన్’ అని మెరుస్తుంది. అదే పెట్టెను పక్కింటి శాంసంగ్ టీవీకి తగిలిస్తే ఆ పేరు కనిపించదు, మామూలు హెచ్‌డీఆర్ గుర్తే వస్తుంది. కన్సోల్ చెడిపోలేదు, కేబులూ బాగానే ఉంది. శాంసంగ్ తన టీవీల్లో డాల్బీ విజన్‌ను పెట్టదు. దానికి పోటీగా హెచ్‌డీఆర్10 ప్లస్‌ను నిలబెట్టింది.

హెచ్‌డీఆర్10 అందరికీ ఉమ్మడి రూపం. హెచ్‌డీఆర్ అని అమ్మే టీవీ ఏదైనా దాన్ని అర్థం చేసుకుంటుంది. అందులో వెలుతురు హద్దుల సమాచారం సినిమాకో ఆటకో మొత్తానికి ఒక్కసారే వెళుతుంది. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ ఆ సమాచారాన్ని సన్నివేశాన్ని బట్టి మార్చి పంపగలవు. సోనీ టీవీలు ఎల్‌జీ దారిలోనే డాల్బీ విజన్‌ను తీసుకుంటాయి. టీసీఎల్, హైసెన్స్ మోడళ్లలో చాలావాటిలో రెండూ ఉంటాయి. ఇక కన్సోళ్ల సంగతి: ప్లేస్టేషన్ 5 ఆటలను హెచ్‌డీఆర్10లోనే పంపుతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకు 2021లో ఆటల్లోనూ డాల్బీ విజన్ వచ్చింది. ఓ చిన్న చమత్కారం ఏమిటంటే, ప్లేస్టేషన్‌లోని నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో డాల్బీ విజన్ రాని సినిమా, అదే టీవీలోని నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో డాల్బీ విజన్‌లో రావచ్చు. సినిమాలకు టీవీ రిమోట్ తీసుకోవడమే మేలన్నమాట.

ఏ రూపంలో పంపాలో కన్సోల్ ఊహించదు. హెచ్‌డీఎంఐ తీగ తగలగానే టీవీ తన సామర్థ్యాల చిట్టాను అందిస్తుంది. అందులో ఉన్నదే కన్సోల్ పంపుతుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. చాలా టీవీల్లో ఆ చిట్టా పోర్టుకో రకంగా ఉంటుంది, ఒక్కోసారి పూర్తి చిట్టా బయటపడాలంటే సెట్టింగ్ మార్చాలి. ఆ సెట్టింగ్‌ను శాంసంగ్ Input Signal Plus అంటుంది, ఎల్‌జీ HDMI Deep Colour అంటుంది, సోనీ టీవీల్లో అది HDMI signal format కింద ఉంటుంది. మధ్యలో పాత సౌండ్‌బార్ ఉంటే చిట్టాలోని హెచ్‌డీఆర్ పంక్తి అక్కడే ఆగిపోవచ్చు. అప్పుడు కన్సోల్ నిజాయితీగానే ఈ టీవీకి హెచ్‌డీఆర్ లేదంటుంది. సౌండ్‌బార్‌ను తప్పించి తీగను నేరుగా టీవీకి పెట్టి చూస్తే తప్పెవరిదో తేలిపోతుంది.

ఇంతవరకు కన్సోల్ ఏం పంపగలదన్న సంగతి. ఇప్పుడు ఏం పంపుతోందో ఎలా తెలుస్తుంది? ఎక్స్‌బాక్స్‌లో TV & display options లోని 4K TV details పేజీ టిక్కులతో చూపేది టీవీ సామర్థ్యాన్ని మాత్రమే. నడుస్తున్న సిగ్నల్ సంగతి అది చెప్పదు. అందుకు టీవీనే అడగాలి. శాంసంగ్‌లో గేమ్ బార్ తెరిస్తే హెచ్‌డీఆర్ స్థితి కనిపిస్తుంది. చాలా టీవీల్లో సిగ్నల్ మారగానే పిక్చర్ మోడ్ పేరు కూడా మారుతుంది. ‘డాల్బీ విజన్’తో మొదలయ్యే మోడ్ కనిపిస్తే ఆ రూపమే వస్తున్నట్టు.

కానీ ఆ గుర్తు చెప్పేది సంచి మీది పేరు మాత్రమే, లోపల బియ్యం ఏ రకమో కాదు. ప్లేస్టేషన్ 5లో హెచ్‌డీఆర్‌ను Always On పెడితే సాధారణ వెలుతురుతో తయారైన పాత ఆట కూడా హెచ్‌డీఆర్ సిగ్నల్‌లోనే వెళుతుంది. టీవీ గుర్తు వెలుగుతుంది, ఆట మాత్రం మారదు. ఎక్స్‌బాక్స్‌లోనూ అంతే: హెచ్‌డీఆర్10 కోసం చేసిన ఆటను కన్సోలే డాల్బీ విజన్‌లోకి మార్చి పంపగలదు. కనుక ఆ పేరు చూసి ఆట తయారీదారులు ప్రత్యేకంగా పని చేశారని అనుకోనక్కర్లేదు.

దీన్ని పరీక్షించే తీరు సులువే. ప్లేస్టేషన్‌లో సెట్టింగ్‌ను On When Supported కు మార్చి, హెచ్‌డీఆర్ లేని పాత ఆట ఒకటి, ఉన్నది ఒకటి వరుసగా తెరవాలి. రెండోది మొదలయ్యేటప్పుడు చాలా టీవీల తెర ఓ క్షణం నల్లబడి గుర్తు వెలుగుతుంది. ఆ గుర్తు రెండు ఆటలకూ వెలిగితే సెట్టింగ్ ఇంకా Always On లోనే ఉందేమో చూసుకోవాలి.

రంగులు వెలిసిపోయి బూడిదరంగు పొర కప్పినట్టు కనిపిస్తే అది వేరే రోగం. హెచ్‌డీఆర్ వాడే వెలుతురు కొలమానం 10,000 నిట్ల దాకా వెళుతుంది. కానీ సిగ్నల్ విలువ సరిగ్గా సగం ఉన్నప్పుడు వచ్చేది దాదాపు 92 నిట్లే. టీవీ హెచ్‌డీఆర్ సిగ్నల్‌ను గుర్తించక మామూలు సిగ్నల్‌గా చదివితే, ఎండ మెరుపు కోసం కేటాయించిన పై సగం దాదాపు ఖాళీగా ఉండిపోతుంది, బొమ్మ అంతా మధ్య రంగుల్లో కుక్కుకుపోతుంది. అలా అయితే బ్రైట్‌నెస్ పెంచి లాభం లేదు. టీవీ మూలన గుర్తు వెలిగిందా లేదా చూసి, లేకపోతే పోర్టు సెట్టింగ్‌కు, మధ్యలోని సౌండ్‌బార్‌కు తిరిగి వెళ్లాలి.