తగ్గింపు ముందా, పన్ను ముందా?

స్టీలు సామాన్ల కొట్లో బేరం సాధారణంగా ఒక గుండు అంకె దగ్గర తెగుతుంది. "మొత్తం మీద ఒక వెయ్యి తీసేయండి" అంటారు కొనేవాళ్లు. కొట్టాయన కాస్త గునిసి, చివరికి సరేనంటాడు. బేరం అక్కడితో అయిపోయినట్టే, కానీ లెక్క అక్కడే మొదలవుతుంది. ఆ వెయ్యి ఏ వస్తువు ధరలోంచి పోయినట్టు? బిల్లులో గిన్నెలకు ఒక రేటు పన్ను, మిక్సీకి ఇంకో రేటు. వెయ్యిని ఎక్కడ కోశారన్నదాన్ని బట్టి కట్టే డబ్బు మారిపోతుంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. కేంద్ర జీఎస్టీ చట్టం, 2017లో 15వ సెక్షన్ పన్ను దేని మీద వెయ్యాలో చెబుతుంది. అమ్మేటప్పుడుగానీ అంతకుముందుగానీ ఇచ్చిన తగ్గింపును బిల్లులో చూపిస్తే, దాన్ని ధరలోంచి తీసేసి మిగిలినదాని మీదే పన్ను. అంటే తగ్గింపే ముందు, పన్ను తర్వాత. ఇందులో అసలు షరతు 'బిల్లులో చూపిస్తే' అన్నది. నోటిమాటగా తగ్గించి, కాగితం మీద పాత ధరే ఉంచితే పన్ను ఆ పాత ధర మీదే పడుతుంది.

ఇప్పుడు ఒక బిల్లు వేద్దాం. స్టీలు గిన్నెలు 6,000 రూపాయలు, మిక్సీ 4,000. రెండూ పన్ను కలపని ధరలు. 2025 సెప్టెంబరు 22 నుంచి స్టీలు వంటసామాన్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. మిక్సీ మాత్రం 18 దగ్గరే ఉంది. మొత్తం 10,000 మీద వెయ్యి తగ్గింపు.

తగ్గింపు ఫలానా వస్తువుకని చెప్పనప్పుడు దాన్ని ధరల నిష్పత్తిలో పంచడం వాడుక. చట్టం ఈ సూత్రాన్ని విడమరిచి రాయలేదు గానీ, అకౌంటెంట్లూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లూ సాధారణంగా పట్టుకునే దారి ఇదే. పదివేలలో గిన్నెల వాటా ఆరు వంతులు కాబట్టి వాటికి 600, మిక్సీకి 400 తగ్గుతాయి. గిన్నెలు 5,400, మిక్సీ 3,600 అవుతాయి. గిన్నెల మీద 5 శాతం పన్ను 270, మిక్సీ మీద 18 శాతం 648. రెండూ కలిపి 918. కట్టాల్సింది 9,918 రూపాయలు. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే ఈ 918లో సగం సీజీఎస్టీగా, సగం ఎస్జీఎస్టీగా కనిపిస్తుంది.

అదే కొట్టాయన పన్ను ముందే వేసేసి, చివర వెయ్యి కొట్టేశాడనుకోండి. గిన్నెల మీద 300, మిక్సీ మీద 720, మొత్తం 11,020. వెయ్యి తీస్తే 10,020. వెయ్యి వెయ్యే, కానీ కొన్నవాళ్లకు 102 రూపాయలు ఎక్కువ పడింది.

మరి వెయ్యినీ మిక్సీ మీదే తీసేస్తే? మిక్సీ 3,000కి దిగి దాని పన్ను 540 అవుతుంది, గిన్నెల పన్ను 300. మొత్తం 9,840. గిన్నెల మీదే తీస్తే 9,970. వస్తువులు అవే, తగ్గింపు అదే, జవాబులు మాత్రం వేరు. ఎక్కువ పన్ను ఉన్న వస్తువు మీదకే తగ్గింపంతా నెట్టాలన్న ఆశ ఇక్కడే పుడుతుంది. నిజంగా మిక్సీ మీద ఆఫర్ ఉండి, ధరల బోర్డు మీద అలాగే రాసి ఉంటే తప్పేం లేదు. బేరమేమో మొత్తం మీద, రాతేమో మిక్సీ మీద అయితే మాత్రం, తనిఖీకి వచ్చిన అధికారి అడిగినప్పుడు చెప్పడానికి జవాబుండాలి.

మామూలు కొనుగోలుదారు ఒక ముఖ్యమైన తేడా గమనించాలి. ఇంతవరకూ వేసిన లెక్క పన్ను విడిగా వేసే చోట పనికొస్తుంది. హోల్‌సేల్ కొట్లు, కొటేషన్లు అలాంటివి. షోరూములో ధర పన్నుతో కలిపే ఉంటుంది. అక్కడ గిన్నెలు 6,300, మిక్సీ 4,720 అని రాసి, వెయ్యి తగ్గించి 10,020 ఇవ్వమంటారు. తగ్గింపు పన్నుకు ముందు చూపించినా తర్వాత చూపించినా మీ జేబులోంచి పోయేది ఆ 10,020యే. మారేది దాన్ని పంచుకునే తీరు. వెయ్యిని ఆ పన్ను కలిపిన ధరల నిష్పత్తిలో పంచి, గిన్నెల ధరను 1.05తో, మిక్సీ ధరను 1.18తో భాగిస్తే పన్ను 927 రూపాయల 44 పైసలు వస్తుంది. తగ్గింపును లెక్కలోకి తీసుకోకపోతే అది 1,020. మధ్యలో ఉన్న 92 రూపాయల పైచిలుకు అటు కొట్టాయనకు మిగలాలా, ఇటు ఖజానాకు పోవాలా అన్నదే అక్కడి ప్రశ్న. కొనేవారు జీఎస్టీ నంబరున్న వ్యాపారులైతే తప్ప వాళ్లకిది పట్టదు. శాతాల్లో ఇచ్చే తగ్గింపు ఇంకా సులువు. అన్నిటి మీదా పది శాతమంటే, ముందు తీసినా వెనక తీసినా చివరి మొత్తం ఒక్కటే.

పైసల దగ్గర ఒక చిన్న చికాకుంది. మూడు సమాన ధరల వస్తువుల మీద వెయ్యి పంచితే తలా 333.33 వస్తుంది, ఒక పైసా మిగిలిపోతుంది. దాన్ని ఏదో ఒక వస్తువుకు కలిపేసి సరిచేస్తారు. ఈ పని చేయని సాఫ్ట్‌వేర్లో కింది మొత్తం, పై వరసల మొత్తం ఎప్పటికీ కలవవు.

మరి పన్ను తర్వాత తగ్గింపు ఎక్కడా ఉండదా అంటే, ఉంటుంది. ఫలానా బ్యాంకు కార్డుతో కొంటే 500 తక్కువ అంటారు చూడండి, అదే. ఆ 500 కొట్టాయన వదులుకోడు. బ్యాంకు అతనికి కట్టేస్తుంది. అతనికి పూర్తి ధర ముట్టింది కాబట్టి పన్ను కూడా పూర్తి ధర మీదే. ఇంకొకరు కట్టినా అది వస్తువు వెలే అని చట్టం అంటుంది. కాబట్టి బిల్లులో తగ్గింపు పన్ను కింద కనిపించిందని వెంటనే గొడవపడే ముందు, ఆ తగ్గింపు భారం ఎవరు మోస్తున్నారో అడగడం మంచిది. న్యూయార్క్‌లో ఉంటున్న మనవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ షాపువాళ్ల సొంత కూపనైతే తగ్గిన ధర మీద, తయారీదారు కూపనైతే పూర్తి ధర మీద అమ్మకం పన్ను వేస్తారు. కారణం అక్కడా ఇదే.

దుకాణదారులు ఇంకో చోట కూడా దెబ్బతింటారు. పండగకని గిన్నెలూ మిక్సీ ఒకే పెట్టెలో పెట్టి, 'గృహప్రవేశం సెట్' అని పేరు పెట్టి, 9,000 అని ఒకే ధర కడతారు. ఒకదానికొకటి సహజంగా జతపడని వస్తువుల్ని ఒకే ధరకు అమ్మితే చట్టం దాన్ని మిశ్రమ సరఫరాగా చూస్తుంది. అప్పుడు పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ రేటు ఏదో, అదే మొత్తానికీ వర్తిస్తుంది. 9,000 మీద 18 శాతమంటే 1,620 రూపాయలు. ఇందాక అవే వస్తువులు, అదే తగ్గింపు, అదే 9,000 మీద మనం లెక్కేసిన పన్ను 918. పెట్టె కట్టడం మానక్కర్లేదు. ఒకే ధర చెప్పడం మాని, గిన్నెలకూ మిక్సీకీ విడివిడిగా ధర పెట్టి, ఎవరికి కావాల్సింది వాళ్లు విడిగా కొనుక్కునేలా ఉంచి, బిల్లులో రెండు వరసలుగా రాస్తే గిన్నెలు మళ్లీ 5 శాతానికే వస్తాయి.