జత్రుక అస్థీభవనం: వ్యక్తి ఇరవై ఏళ్లు దాటినట్లు నిర్ధారించే విధానం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- జత్రుక లోపలి కొన ఆలస్యంగా అతుక్కోవడానికీ, వయోనిర్ధారణకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- అస్థీభవన దశలను గుర్తించి, వాటి నుంచి 'కనీస వయస్సు' రాబట్టగలుగుతారు.
- ఈ పరీక్ష ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చెప్పగలుగుతారు.

1. జత్రుకనే ఎందుకు చూస్తారు?

మెడ కింద, భుజానికీ ఉరోస్థికీ మధ్య అడ్డంగా చేతికి తగిలే ఎముక జత్రుక. దీన్నే వాడుకలో కాలర్ బోన్ అంటాం. గర్భస్థ శిశువులో అన్నిటికంటే ముందు, అంటే ఐదు ఆరు వారాలకే, అస్థీభవనం మొదలయ్యే ఎముక ఇది. విచిత్రంగా, దేహంలోని పొడవాటి ఎముకలన్నిటిలో చివరగా పూర్తయ్యేదీ ఇదే.

ఆలస్యం అంతా ఉరోస్థి వైపు ఉన్న లోపలి కొనలోనే జరుగుతుంది. అక్కడ మృదులాస్థిలో ఒక చిన్న అస్థి కేంద్రం కౌమారం రెండో సగంలో ఏర్పడుతుంది. దీన్ని ఎపిఫైసిస్ అంటారు. ఇది పలుచని బిళ్లలా పెరిగి, ఎముక కాండంతో మెల్లగా అతుక్కుంటుంది. మోచేయి, మణికట్టు ఎముకలు సుమారు పద్దెనిమిదేళ్లకే అతుక్కుపోతాయి. ఆ తరవాత వాటి ఎక్స్‌రే చూస్తే పద్దెనిమిదేళ్ల వ్యక్తికీ ముప్పై ఏళ్ల వ్యక్తికీ తేడా తెలియదు. జత్రుక లోపలి కొన మాత్రం అప్పటికీ మార్పు చెందుతూనే ఉంటుంది. అందుకే ఇరవై ఏళ్ల హద్దు దగ్గర దీన్ని పరీక్షిస్తారు.

2. ఐదు దశలు

జర్మనీలో ష్మెలింగ్, ఆయన సహచరులు 2004లో ప్రకటించిన వర్గీకరణ ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉంది.

దశ 1: అస్థి కేంద్రం ఇంకా కనిపించదు.
దశ 2: అస్థి కేంద్రం కనిపిస్తుంది; కాండానికీ దానికీ మధ్య మృదులాస్థి పూర్తిగా మిగిలే ఉంటుంది.
దశ 3: ఆ మృదులాస్థి కొంతమేర ఎముకగా మారుతుంది, అంటే పాక్షికంగా అతుక్కుంటుంది.
దశ 4: పూర్తిగా అతుక్కుంటుంది, కాని అతుకు గీత మచ్చలా కనిపిస్తుంది.
దశ 5: అతుకు గీత కూడా చెరిగిపోతుంది.

ఎక్స్‌రేలతో చేసిన ఆ అధ్యయనంలో నాలుగో దశ స్త్రీలలో 20 ఏళ్లకు, పురుషులలో 21 ఏళ్లకు ముందు కనిపించలేదు. ఐదో దశ స్త్రీపురుషులిద్దరిలోనూ 26 ఏళ్లకు ముందు కనిపించలేదు. మూడో దశ మాత్రం 16 ఏళ్లకే కనిపించింది. అంత విశాలమైన దశ కాబట్టే 2010లో కెల్లింగ్‌హౌస్ బృందం రెండు, మూడు దశలను ఎ, బి, సి ఉపదశలుగా విభజించింది. అతుకు వెడల్పులో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ కలిస్తే 3సి. ఇది 19 ఏళ్ల నుంచి కనిపించింది.

3. సగటు వయస్సు కాదు, కనీస వయస్సు

నాలుగో దశలో ఉన్న వ్యక్తుల సగటు వయస్సు, ఆ దశ మొదటిసారి కనిపించే వయస్సు కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. సగటును వాడితే, సహజంగా తొందరగా అతుక్కున్న యువకుడిని ఉన్నదానికంటే పెద్దవాడిగా లెక్కిస్తాం. అతనికి శిక్ష పడే సందర్భంలో ఇది అన్యాయం. కాబట్టి ఆ దశ కనిపించిన అతి చిన్న వయస్సునే ప్రమాణంగా తీసుకుంటారు. "ఈ వ్యక్తి వయస్సు ఇంత" అని కాక, "ఇంతకు తక్కువ కాదు" అని నివేదిక చెబుతుంది.

ఇందులో ఒక వైపు మాత్రమే తేలుతుందని గమనించండి. నాలుగో దశ ఉంటే ఇరవై దాటినట్లు చెప్పవచ్చు. లేకపోతే ఇరవై దాటలేదని చెప్పకూడదు. మూడో దశ ఇరవైల మధ్యలో కూడా మిగిలి ఉండవచ్చు. పోషకాహార లోపం, పేదరికం ఎముకల ఎదుగుదలను వెనక్కు నెడతాయి. అప్పుడు వయస్సు తక్కువగా కనిపిస్తుంది. నిందితుడికి నష్టం జరగదు.

4. పరీక్షలో జరిగే పొరపాట్లు

మొదటిది, ఒకటో దశనూ ఐదో దశనూ పొరబడటం. రెండింటిలోనూ అస్థి కేంద్రం విడిగా కనిపించదు, అతుకు గీత ఉండదు. అందుకే జత్రుకను ఒంటరిగా చదవకూడదు. చేతి ఎక్స్‌రేలో ఎముకలు ఇంకా అతుక్కోకపోతే, జత్రుక దశ 1 అని అర్థం. నిపుణులు ముందు దేహ పరీక్ష, దంత పరీక్ష, చేతి ఎక్స్‌రే చేసి, చేతి ఎముకల ఎదుగుదల పూర్తయితేనే జత్రుకకు వెళ్తారు.

రెండోది, చిత్రం స్పష్టత. మామూలు ఎక్స్‌రేలో పక్కటెముకలు, వెన్నుపూసలు లోపలి కొన మీద పడి కనిపిస్తాయి. సీటీ స్కాన్‌లో ఆ ఇబ్బంది ఉండదు, కాని ముక్కల మందం ఒక మిల్లీమీటరు దాటకూడదు. మందం పెరిగితే పక్కపక్కన ఉన్న ఎముక, మృదులాస్థి కలిసిపోయి, సన్నని అతుకు సందు మరుగున పడవచ్చు. దశ తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

మూడోది, ఆకార భేదాలు. కొందరిలో కాండం కొన గిన్నెలా గుంటగా ఉంటుంది. కొందరిలో ఒకటి కంటే ఎక్కువ అస్థి కేంద్రాలు ఉంటాయి. అటువంటి కొనకు దశను నిర్ణయించకుండా వదిలేయాలి.

5. ఒక ఉదాహరణ

జర్మనీ చట్టంలో నేరం జరిగిన నాటికి 18 నిండి 21 నిండని వ్యక్తికి, మానసిక పరిపక్వతను బట్టి బాలల శిక్షా నియమాలు వర్తింపజేయవచ్చు. కాబట్టి 21 ఏళ్ల హద్దు అక్కడ శిక్షను మార్చగలదు.

ఊహించిన ఒక కేసు చూద్దాం. పత్రాలు లేని ఒక యువకుడు తనకు 19 ఏళ్లని చెబుతాడు. నేరం జరిగిన ఎనిమిది నెలల తరవాత పరీక్ష జరిగింది. చేతి ఎముకలు పూర్తిగా అతుక్కున్నాయి. ఇక జత్రుక చూస్తే రెండు వైపులా అతుకు పూర్తయింది, గీత మిగిలి ఉంది. అంటే దశ 4.

పురుషుడు కాబట్టి పరీక్ష నాటికి కనీస వయస్సు 21 ఏళ్లు. ఎనిమిది నెలలు తీసివేస్తే, నేరం నాటికి కనీసం 20 ఏళ్ల 4 నెలలు. అతను ఇరవై దాటాడన్నది రుజువైంది; 19 అన్న మాట నిలవదు. కాని 21 దాటినట్లు రుజువు కాలేదు. సందేహ లాభం అతనికే. పరీక్ష నాటి వయస్సును నేరం నాటి వయస్సుగా నివేదికలో రాసి ఉంటే, ఆ ఎనిమిది నెలలు అతనిని పూర్తి వయోజనుల శిక్ష కిందకు నెట్టేవి.

6. మన దేశంలో

2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం పాఠశాల జనన తేదీ పత్రం లేదా మెట్రిక్యులేషన్ ధ్రువపత్రం, అవి లేకపోతే స్థానిక సంస్థ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూడాలి. ఇవేవీ లేనప్పుడే అస్థీభవన పరీక్ష. ఎక్స్‌రే ద్వారా తేల్చిన వయస్సులో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉండవచ్చని సుప్రీంకోర్టు 1982లో జయమాల కేసులో గుర్తించింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ప్రశ్న: ఒక యువతి జత్రుకలో దశ 4 కనిపించింది. సంఘటనకూ పరీక్షకూ మధ్య ఆరు నెలలు గడిచాయి. సంఘటన నాటికి ఆమె ఇరవై దాటిందని చెప్పగలమా?

జవాబు: చెప్పలేం. స్త్రీలలో దశ 4 కనీస వయస్సు 20 ఏళ్లు. ఆరు నెలలు తీసివేస్తే 19 ఏళ్ల 6 నెలలే నిర్ధారణ అవుతుంది.