మెట్లు ఎక్కితే తప్పు, దిగితే ఒప్పు

ఇంటర్ రెండో ఏడాది లెక్కలు చదివినవాళ్లకు రిడక్షన్ ఫార్ములాలు గుర్తుండే ఉంటాయి. xⁿ లాంటి ఘాతం ఉన్న ఇంటిగ్రల్‌ను నేరుగా తేల్చలేనప్పుడు, దాన్ని ఒక ఘాతం తక్కువ ఉన్న ఇంటిగ్రల్‌తో ముడిపెడతాం. ఆ ముడి ఒక్కటి దొరికితే చాలు, మెట్టు మెట్టుగా ఎంత దూరమైనా వెళ్లొచ్చు. పరీక్షలో ఫార్ములా రాబట్టడంతో పని అయిపోతుంది. దాంతో నిజంగా అంకెలు లెక్కగట్టినప్పుడు ఏమవుతుందో మాత్రం పాఠంలో ఉండదు. అసలు ఆసక్తికరమైన విషయం అక్కడే ఉంది.

ఈ ఇంటిగ్రల్ తీసుకుందాం:

Iₙ = ∫₀¹ xⁿ e^(x−1) dx

రెండు ప్రమేయాల లబ్ధానికి అవకలనం ఎలా చేస్తామో తెలుసు: (uv)′ = u′v + uv′. దీన్నే ఇంటిగ్రేట్ చేసి అటూ ఇటూ మారిస్తే ∫uv′ = uv − ∫u′v వస్తుంది. బై పార్ట్స్ అంటే ఇంతే. లబ్ధంలో ఒకదాన్ని అవకలనానికి, రెండోదాన్ని సమాకలనానికి అప్పగిస్తాం.

ఇక్కడ xⁿ ను అవకలనానికి ఇద్దాం. దాని ఘాతం ఒకటి తగ్గి n·xⁿ⁻¹ అవుతుంది. e^(x−1) ను ఇంటిగ్రేట్ చేసినా అది మారదు. uv విలువ x = 1 దగ్గర 1, x = 0 దగ్గర 0. కాబట్టి:

Iₙ = 1 − n·Iₙ₋₁

మొదటి విలువ I₀ = 1 − 1/e. ఆరు దశాంశాలకు అది 0.632121. ఇక గుణించడం, ఒకటిలోంచి తీసేయడం, అంతే. I₁ = 0.367879, I₂ = 0.264242, I₃ = 0.207274. ఇలా వెళ్తే I₇ = 0.110160, I₈ = 0.118720, I₉ = −0.068480.

చివరి విలువ అసాధ్యం. 0 నుంచి 1 వరకు xⁿ e^(x−1) ఎక్కడా రుణాత్మకం కాదు, అలాంటప్పుడు దాని కింది వైశాల్యం రుణాత్మకం ఎలా అవుతుంది? నిజానికి హెచ్చరిక అంతకు ముందే వచ్చింది. ఈ అంతరంలో ఘాతం పెరిగేకొద్దీ xⁿ తగ్గుతుంది, కాబట్టి ప్రతి విలువా ముందుదానికన్నా చిన్నదిగా ఉండాలి. I₈ మాత్రం I₇ కన్నా పెద్దదిగా వచ్చింది. ఇలాంటి సరిచూపు చేతిలో ఉంటే, అసలు జవాబు తెలియకపోయినా తప్పు జరిగిందని పట్టుకోవచ్చు.

ఫార్ములాలో దోషం లేదు, కూడికల్లోనూ లేదు. ఆరు దశాంశాల దగ్గర ఆపినప్పుడు I₀ లో సుమారు 0.00000044 తేడా మిగిలింది. ఫార్ములాలోని n ఆ తేడాను కూడా వదలకుండా గుణిస్తుంది: మొదట 1తో, తర్వాత 2తో, 3తో, చివరికి 9తో. తొమ్మిది మెట్లు ఎక్కేసరికి తేడా 3,62,880 రెట్లయి 0.16 దాకా చేరింది. I₉ అసలు విలువ 0.0916 మాత్రమే. జవాబు కన్నా తప్పే పెద్దదైపోయింది. మొదట్లో మరిన్ని దశాంశాలు తీసుకుంటే ఈ పతనం కొన్ని మెట్లు వాయిదా పడుతుంది కానీ ఆగదు.

మరి దారేది? బై పార్ట్స్‌లో పాత్రలు తారుమారు చేసి చూద్దాం. e^(x−1) ను అవకలనానికి, xⁿ ను సమాకలనానికి ఇస్తే ఘాతం తగ్గడానికి బదులు పెరుగుతుంది:

Iₙ = (1 − Iₙ₊₁)/(n+1)

తరగతి గదిలో దీన్ని తప్పు ఎంపిక అంటారు. లెక్క మరింత జటిలమైంది కదా అని వదిలేస్తాం. కానీ ఇది పాత ఫార్ములాయే, పైనుంచి కిందికి రాసుకున్నాం, అంతే. గుణించిన చోట ఇప్పుడు భాగిస్తున్నాం. అంటే ప్రతి మెట్టులోనూ తేడా కుంచించుకుపోతుంది.

పైన మొదలుపెట్టడానికి ఒక విలువ కావాలి. I₂₀ ఎంతో మనకు తెలియదు. అయితే e^(x−1) ఈ అంతరంలో 1ని దాటదు కాబట్టి I₂₀ అనేది 1/21 కన్నా తక్కువ. ధైర్యంగా సున్నా అనుకుందాం. అప్పుడు I₁₉ = 0.05, I₁₈ = 0.05, I₁₇ = 0.052778. మొదటి రెండూ ఒకటే కావడం చూస్తే మన ఊహ ఎంత మోటుదో తెలుస్తుంది. అలాగే దిగుతూ పోతే I₁₀ = 0.083877, I₉ = 0.091612. ఆరు దశాంశాలూ సరైనవే. సున్నా అనుకోవడంలోని తేడా 20, 19, 18… అలా 10 వరకు భాగించబడి, ఆరు లక్షల కోట్ల వంతు కన్నా చిన్నదైపోయింది. ఎంతో జాగ్రత్తగా తీసుకున్న I₀ మనల్ని ముంచితే, కళ్లు మూసుకుని వేసిన సున్నా గట్టెక్కించింది.

అన్ని రిడక్షన్ ఫార్ములాలకూ ఈ బెడద లేదు. 0 నుంచి π/2 వరకు sinⁿx ఇంటిగ్రల్‌కు వచ్చేది Iₙ = ((n−1)/n)·Iₙ₋₂. ఇక్కడ గుణకం ఎప్పుడూ ఒకటికన్నా తక్కువే. కాబట్టి దాన్ని కింది నుంచి పైకి నిశ్చింతగా లెక్కించుకోవచ్చు.