చీరల ఫొటోషూట్‌లో కృత్రిమ చిత్రాల పాత్ర ఎంతవరకు?

చీరల ఫొటోషూట్‌లో రెండు పనులు కలిసిపోయి ఉంటాయి. చీర ఎలా ఉందో చూపడం ఒకటి, దాన్ని చూడాలనిపించేలా చేయడం మరొకటి. కృత్రిమ మేధతో పుట్టించే బొమ్మలు రెండో పనిని చాలావరకు చేసిపెడతాయి. మొదటి పనిలో మాత్రం వాటిని నమ్మలేం. బేరం కుదరకముందే స్టూడియో యజమాని దుకాణదారుకు విడమరిచి చెప్పాల్సిన తేడా ఇదే. పోచంపల్లి పట్టు చీరను ముందుపెట్టుకుంటే సంగతి తేలిగ్గా తెలుస్తుంది.

ఇక్కత్‌లో డిజైన్ నేతకన్నా ముందే పోగుల మీద తయారవుతుంది. రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టి అద్దకంలో ముంచుతారు. మగ్గం మీద ఆ పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కనుక బొమ్మల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అసలు ఇక్కత్‌ను అచ్చు చీర నుంచి వేరుచేయడానికి తెలిసినవాళ్లు చూసేది ఆ చెదురునే. తిరగేసినా రంగు దాదాపు అంతే చిక్కగా ఉండడం మరో గుర్తు.

బొమ్మలు పుట్టించే సాధనం తనకిచ్చిన ఫొటోను ఉన్నదున్నట్టు అతికించదు. దాన్ని కుదించి, పోలికలు పట్టుకుని, మళ్లీ కొత్తగా గీస్తుంది. అలా గీసేటప్పుడు ముందు పోయేవి సన్నని వివరాలే. చెదిరిన అంచు నున్నగా తేలిపోయి, చేనేత చీర కాస్తా ఫోన్ తెర మీద అచ్చు చీరలా కనిపిస్తుంది. ఎక్కువ ధర అడగడానికి దుకాణదారుకు ఉన్న ఆధారమే చెరిగిపోతుందన్నమాట. మడతపెట్టిన చీర ఫొటో ఒక్కటే ఇచ్చి మోడల్‌కు కట్టించమంటే మరీ ప్రమాదం. ఫొటోలో లేని కొంగును సాధనం తన ఊహతో నింపేస్తుంది. బొమ్మ బాగానే ఉంటుంది, ఆ కొంగున్న చీర మాత్రం దుకాణంలో ఉండదు.

రంగు విషయం ఇంకా సున్నితం. పడుగు ఒక రంగు, పేక మరో రంగు ఉన్న డబుల్ షేడ్ పట్టు, చూసే కోణాన్ని బట్టి మారుతుంది. జరీ మెరుపూ అంతే. వాటిని పట్టుకోవడానికి స్టూడియోలో పక్క నుంచి లైటు వేసి, రంగుల కార్డును చీర పక్కన పెట్టి ఒక ఫొటో తీస్తారు. తర్వాత ఆ కార్డు ఆధారంగానే రంగులు సరిచేస్తారు. కృత్రిమ చిత్రంలో అలాంటి కొలమానం ఉండదు. వెనక సాయంత్రపు గుడి ప్రాంగణం కావాలంటే ఆ పసుపు వెలుగు చీర మీదా పడి, మెరూన్ ఇటుక రంగుకు తిరుగుతుంది. బట్ట బరువు కూడా దానికి తెలియదు. బిరుసు పట్టు కుచ్చిళ్లు, మెత్తని నూలు కుచ్చిళ్లు ఒకే తీరున జారుతాయి.

ఇక నిక్షేపంగా వదిలేయదగ్గ ఖర్చులూ ఉన్నాయి. పండుగ బ్యానర్లు, సెట్టింగులు, మండపాలు, అవుట్‌డోర్ ప్రయాణాలు అలాంటివే. చీరను నిజంగా ఫొటో తీసి, దాని చుట్టూ ఉన్న నేపథ్యాన్ని మాత్రమే మార్చి, చీర ఉన్న భాగాన్ని సాధనం ముట్టకుండా మాస్క్ చేస్తే సరిపోతుంది.

దసరాకు ఒక దుకాణానికి 40 చీరలు వచ్చాయనుకుందాం. ప్రతి చీరకూ పూర్తి పరుపు, కొంగు, అంచు దగ్గరి దృశ్యం, వెనక వైపు అని నాలుగు ఫొటోలు తీయాలి. ఇస్త్రీ చేసి, లైట్లు కదపకుండా ఒకదాని తర్వాత ఒకటి తీస్తే పని వేగంగా సాగుతుంది. మోడల్‌కు 40 చీరలూ కట్టనక్కర్లేదు. బరువు పట్టు, తేలిక పట్టు, నూలు అని రకానికి ఒకటి కట్టి తీస్తే బట్ట వాలు తెలుస్తుంది. మిగిలిన హంగులన్నీ మాస్క్ పద్ధతిలో పుట్టించుకోవచ్చు.

వచ్చిన బొమ్మను పెద్దది చేసి అసలు ఫొటో పక్కన పెట్టి చూడాలి. అంచు మీద జానెడు మేర బుటాలు లెక్కిస్తే తేడా బయటపడుతుంది. కుచ్చిళ్ల వెనక్కి వెళ్లిన అంచు మళ్లీ అదే వెడల్పుతో పైకి వచ్చిందా, మడత పడినచోట డిజైన్ కూడా మడత పడిందా అన్నవి తర్వాత చూడాల్సినవి. చివరగా చీరనే కిటికీ వెలుగులోకి తెచ్చి ఫోన్ పక్కన పెట్టాలి. మన కళ్లు తెరకు తొందరగా అలవాటుపడిపోతాయి కాబట్టి ఈ ఒక్క పరీక్షను మాత్రం దాటవేయకూడదు.

ఆన్‌లైన్‌లో అమ్మేవారికి ఇందులో చట్టం కోణమూ ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటన సరుకు అసలు లక్షణాలకు తగ్గట్టు ఉండాలి. ప్రకటనలో చూపిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. అందుకే ధర పక్కన నిజమైన ఫొటోయే పెట్టాలి. పుట్టించిన బొమ్మను బ్యానర్‌కు వాడుకుని, దాని కింద ఊహాచిత్రమని రాయడం మంచిది.