కొటేషన్‌లో లేని ఇరవై వేలు

2024 జులైలో మా చెల్లెలు ఫోన్ చేసింది. “అన్నయ్యా, వీడికి ఎంసెట్ ర్యాంకు బాగానే వచ్చింది. డెబ్బై వేల లోపు గేములు ఆడుకునేది ఏదైనా కొనిస్తానని మాటిచ్చాను. ఏది కొనమంటావ్?” మా మేనల్లుడి మనసు ప్లేస్టేషన్ మీదుంది. చదువుకూ పనికొస్తుంది కదా, గేమింగ్ లాప్‌టాప్ కొందామని బావగారు. అసెంబుల్డ్ పీసీ అయితే అదే డబ్బుకి ఎక్కువ బలమొస్తుందని వాడి స్నేహితులు. ముగ్గురి మాటలోనూ నిజముంది.

నేను ముందు వాణ్నే అడిగాను: “ఏం ఆడతావురా?” “కౌంటర్-స్ట్రైక్ 2 మావయ్యా, మా ఫ్రెండ్సంతా అదే. తర్వాత జీటీఏ ఫైవ్.” కౌంటర్-స్ట్రైక్ 2 కంప్యూటర్‌కే వచ్చింది, ప్లేస్టేషన్‌లో లేదు. స్నేహితులతో కలిసి ఆడేవాళ్లు ముందు ఈ ఒక్క సంగతి తేల్చుకోవాలి. మనవాళ్లు ఆడే ఆట ఏ పెట్టెలో ఉందో ఆ పెట్టే కొనాలి.

అయినా ప్లేస్టేషన్ లెక్క వేసి చూపించాను, ఎందుకంటే చాలామంది దాని ధర చూసి అదే చవక అనుకుంటారు. అప్పుడు డిస్క్ డ్రైవ్ లేని పీఎస్5 ధర 44,990, డ్రైవ్ ఉన్నది 54,990. ఇంట్లో టీవీ ఉంటే ఇంకేం కొనక్కర్లేదు. ఆ డబ్బుకి అంత బొమ్మ చూపించే కంప్యూటర్ దొరకదు, అది ఒప్పుకోవాలి. ఖర్చంతా ఆటల దగ్గర మొదలవుతుంది. సోనీ సొంత కొత్త ఆట ఒక్కోటి 4,999. ఏడాదికి నాలుగు చొప్పున మూడేళ్లు కొంటే అరవై వేలు, అంటే పెట్టె ధర కంటే ఎక్కువ. డబ్బిచ్చి కొన్న ఆటల్లో చాలావాటిని ఆన్‌లైన్‌లో పదిమందితో ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా కూడా కట్టాలి. అందుకే బడ్జెట్ చూసుకునేవాళ్లు పదివేలు మిగిలాయని డ్రైవ్ లేనిది కొనకూడదని నా అభిప్రాయం. డిస్క్ అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసిన ఆట అమ్ముడుపోదు. ఇంట్లో పనికి వేరే కంప్యూటర్ ఉండి, ఏడాదికి రెండు మూడు కథల ఆటలు సోఫాలో కూర్చుని ఆడేవాళ్లకి మాత్రం నేను ఇప్పటికీ కన్సోలే చెబుతాను.

ఇక లాప్‌టాపా, డెస్క్‌టాపా అన్నది కౌన్సెలింగ్ తేల్చాల్సిన విషయం. సీటు వరంగల్‌లో వస్తే హాస్టల్, హైదరాబాద్‌లోనే వస్తే ఇంటి నుంచే. హాస్టల్ గదికి డెస్క్‌టాప్ మోసుకెళ్లడం జరిగే పని కాదు, కాబట్టి అక్కడ లాప్‌టాపే. కానీ కొనేటప్పుడు ఒక మోసపోయే చోటుంది. ఆర్‌టీఎక్స్ 3050 అని రెండు లాప్‌టాప్‌ల మీదా రాసి ఉంటుంది, రెండూ ఒకేలా ఆడవు. లాప్‌టాప్‌లో ఆ చిప్‌కి ఎన్ని వాట్ల కరెంటు ఇవ్వాలో తయారీదారు ఇష్టం. 35 వాట్లు ఇచ్చినవీ ఉన్నాయి, 80 ఇచ్చినవీ ఉన్నాయి. పల్చగా, అందంగా ఉన్న మోడల్‌కి ఫ్యాను చిన్నది, వేడి పోయే దారి తక్కువ, అందుకే వాట్లు తగ్గిస్తారు. షాపులో లాప్‌టాప్ ఆన్ చేయించి, NVIDIA Control Panel తెరిచి, System Information నొక్కితే గ్రాఫిక్స్ పవర్ ఎన్ని వాట్లో కనిపిస్తుంది. ఆటలకి ఎనిమిది జీబీ ర్యామ్ ఇప్పుడు చాలదు, కాబట్టి Task Manager తెరిచి Memory దగ్గర రెండు స్లాట్లలో ఒకటి ఖాళీగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఖాళీ ఉంటే తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు. గ్రాఫిక్స్ చిప్ మాత్రం బోర్డుకి అతికే ఉంటుంది, మూడేళ్ల తర్వాత మార్చడం కుదరదు. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద ఆడితే వేగం బాగా పడిపోతుందని ముందే తెలిసి ఉండాలి.

సీటు నగరంలోనే వచ్చింది. ఆ శనివారం వాణ్ని తీసుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. ఒక షాపాయన కాగితం మీద టకటకా రాసిచ్చాడు. రైజెన్ 5 5600 ప్రాసెసర్ 11,000, మదర్‌బోర్డు 9,000, పదహారు జీబీ ర్యామ్ 4,000, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ 5,500, ఆర్‌ఎక్స్ 7600 గ్రాఫిక్స్ కార్డు 26,000, ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి క్యాబినెట్ 4,500. మొత్తం అరవై వేలు. “పదివేలు మిగిలాయి మావయ్యా!” అన్నాడు మావాడు.

మిగల్లేదు. అందులో మానిటర్ లేదు, 9,000. కీబోర్డు, మౌస్ 1,500. మన కరెంటుకి యూపీఎస్ తప్పదు. అక్కడ చవగ్గా దొరికే 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇచ్చేది సుమారు 360 వాట్లే. ఆట నడుస్తున్నప్పుడు పీసీ, మానిటర్ కలిసి మూడు వందల దాకా లాగితే, కరెంటు పోయాక అది ఆట సేవ్ చేసుకునే సమయం కూడా ఇవ్వకపోవచ్చు. వెయ్యి వీఏది 5,500.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్. దాని మీద పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంది. పక్కన స్టిక్కర్‌లో +12V గడి చూడమన్నాను. 18 ఆంపియర్లు. పన్నెండుని పద్దెనిమిదితో గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కరెంటు వెళ్లేది ఆ పన్నెండు వోల్టుల దారిలోనే. చాలకపోతే సరిగ్గా ఆట మధ్యలో పీసీ ఆరిపోతుంది. నాసిరకానిది కాలిపోతే కార్డునీ వెంట తీసుకుపోవచ్చు. మంచి 550 వాట్లది విడిగా తీసుకుంటే ఆ స్టిక్కర్‌లో 45 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది. దానికి ఇంకో 3,500 పెరిగింది.

అలా అరవై వేల కొటేషన్ 79,500 అయింది. వాడి మొహం వాడిపోయింది. మళ్లీ కూర్చున్నాం. కార్డు ఆర్‌ఎక్స్ 6600కి దించితే ఆరు వేలు తగ్గింది, 1080పీ మానిటర్‌కి అది సరిపోతుంది. బోర్డు ఒక మెట్టు దించితే 2,500, ఎస్‌ఎస్‌డీ సగానికి తగ్గిస్తే 2,000. మొత్తం 69,000 దగ్గర ఆగాం. ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ మాత్రం తగ్గించనివ్వలేదు. కార్డు మూడేళ్లకి మార్చుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీ ఇంకోటి ఎప్పుడైనా తగిలించుకోవచ్చు, వాటిని కాపాడే భాగాల దగ్గర కక్కుర్తి పనికిరాదు. విండోస్ లైసెన్స్ కూడా లాప్‌టాప్‌లో కలిసొస్తుంది గానీ ఇక్కడ విడిగా కొనాలి. దాన్ని దసరాకి వాయిదా వేశాం. ఇవి అప్పటి ధరలు. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు రెండు మూడు షాపుల్లో కొత్త కొటేషన్ రాయించుకోవాలి.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఫోన్. “మావయ్యా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు. పోయిందంటావా?” గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

“వెనక్కి వెళ్లి చూడు. మానిటర్ కేబుల్ పైన యూఎస్‌బీల పక్కన పెట్టావా, కింద అడ్డంగా ఉన్న చోట పెట్టావా?”

“పైన.”

“అది మదర్‌బోర్డుది. నీ ప్రాసెసర్‌లో బొమ్మ చూపించే చిప్ లేదు. కింద కార్డుకి పెట్టు.”

రెండు నిమిషాలు నిశ్శబ్దం, ఆ తర్వాత ఒక్క కేక. ఫోన్ పెట్టేలోపు ఇంకొకటి చేయించాను. Settingsలో Display, అందులో Advanced display తెరవమన్నాను. వంద హెర్ట్జ్ మానిటర్ అరవై దగ్గరే నడుస్తోంది. వందకి మార్చాడు.