6.4 సరుకు నిల్వ మైనస్‌లో కనిపించడం: కారణాలు, నివారణ, సవరణ

గోదాములో సున్నా కంటే తక్కువ బస్తాలు ఉండవు. అయినా ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్‌లో అప్పుడప్పుడు “-30 బస్తాలు” అని కనిపిస్తుంది. దీన్నే నెగెటివ్ స్టాక్ అంటారు. దీని అర్థం, బయటికి వెళ్లిన సరుకు పుస్తకాల్లోకి ఎక్కింది కాని, లోపలికి వచ్చిన సరుకు ఇంకా ఎక్కలేదని. ఒక ఊహాత్మక ఉదాహరణతో దీన్ని పరిశీలిద్దాం.

6.4.1 ఉదాహరణ

ఒక సిమెంటు దుకాణంలో మార్చి 28న 40 బస్తాలు ఉన్నాయి. ఒక్కొక్కటి రూ. 300 చొప్పున కొన్నవి. 29న లారీలో మరో 100 బస్తాలు దిగాయి. వాటి ధర బస్తాకు రూ. 310. లారీతో డెలివరీ చలానా మాత్రమే వచ్చింది, బిల్లు రాలేదు. గుమాస్తా బిల్లు వచ్చాక నమోదు చేద్దామని చలానాను పక్కన పెట్టాడు. 30న బస్తా రూ. 350 చొప్పున 70 బస్తాలు అమ్మి, అమ్మకం నమోదు చేశాడు. ఏప్రిల్ 2న బిల్లు వచ్చాక అదే తేదీతో 100 బస్తాల కొనుగోలు నమోదు చేశాడు.

మార్చి 31న సాఫ్ట్‌వేర్‌లో నిల్వ 40 - 70 = -30. గోదాములో నిజంగా ఉన్నవి 70. ఏప్రిల్ 2 తరువాత సాఫ్ట్‌వేర్ కూడా 70 అనే చూపుతుంది. అంటే మైనస్ దానంతట అదే మాయమైంది. కాని ఆర్థిక సంవత్సరం మార్చి 31తోనే ముగిసిందని మీరు గమనించాలి.

6.4.2 లాభంపై ప్రభావం

ముందు వచ్చిన సరుకు ముందు అమ్ముడుపోయినట్లు లెక్కించే ఫిఫో పద్ధతిలో, అమ్మిన 70 బస్తాల అసలు ఖరీదు:

40 × 300 + 30 × 310 = రూ. 21,300

అమ్మకం రూ. 24,500 కాబట్టి స్థూల లాభం రూ. 3,200. కాని పుస్తకాల్లో మార్చి కొనుగోలు లేదు. మైనస్ నిల్వ విలువను సున్నాగా తీసుకుంటే, ఖర్చు ప్రారంభ నిల్వ రూ. 12,000 మాత్రమే అవుతుంది, లాభం రూ. 12,500గా కనిపిస్తుంది. మైనస్ 30 బస్తాలకు పాత ధర రూ. 300 వేస్తే లాభం రూ. 3,500 వస్తుంది. రెండూ తప్పే. పైగా ఆస్తుల్లో రూ. 21,700 విలువైన నిల్వ, అప్పుల్లో సరఫరాదారుకు ఇవ్వవలసిన రూ. 31,000 కనిపించవు.

6.4.3 ఇతర కారణాలు

తేదీల తేడా ఒక్కటే కారణం కాదు. వైరును చుట్టల్లో కొని మీటర్లలో అమ్మే దుకాణంలో, 90 మీటర్ల చుట్టలు 5 కొన్నప్పుడు 450 మీటర్లకు బదులు 5 మీటర్లని నమోదైతే మొదటి అమ్మకంతోనే మైనస్ రావచ్చు. ఒకే సరుకుకు రెండు పేర్లు సృష్టించి, ఒక పేరుతో కొని మరో పేరుతో అమ్మితే, ఒకటి మైనస్‌లోనూ మరొకటి మిగులుగానూ కనిపిస్తాయి. గోదాము నుండి దుకాణానికి తెచ్చిన సరుకు బదిలీని నమోదు చేయకపోయినా దుకాణం నిల్వ మైనస్ అవుతుంది. అప్పుడు మొత్తం నిల్వ మాత్రం సరిగానే ఉంటుంది.

6.4.4 సవరించే విధానం

మైనస్ కనిపించగానే సర్దుబాటు నమోదు చేయకండి. పై ఉదాహరణలో మార్చి 31న బస్తాలు లెక్కపెట్టి నిల్వను 70గా సర్దారనుకోండి. ఏప్రిల్ 2న బిల్లు నమోదు కాగానే నిల్వ 170 అవుతుంది. అంటే లేని 100 బస్తాలు పుస్తకాల్లో పుడతాయి.

ముందుగా ఆ సరుకు ఖాతా తెరిచి, నిల్వ మొదటిసారి సున్నా కిందికి దిగిన తేదీని గుర్తించండి. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న చలానాలు, బిల్లులు నమోదులతో పోల్చి చూడండి. తేదీ, కొలమానం, సరుకు పేరు, గోదాము, వీటిలో ఏది తప్పో దాన్నే సరిదిద్దండి. ఆ తరువాత సరుకు లెక్కపెట్టండి. అప్పటికీ తేడా మిగిలితే, కారణం రాసి, బాధ్యుల అనుమతితో ఆ తేడాకు మాత్రమే సర్దుబాటు చేయాలి.

6.4.5 నివారణ

సరుకు దిగిన రోజే, బిల్లు కోసం ఆగకుండా, చలానా ఆధారంగా రాకను నమోదు చేయాలి. టాలీలో దీనికి Receipt Note అనే వోచర్ ఉంది. తరువాత బిల్లు నమోదు చేసేటప్పుడు అదే ట్రాకింగ్ నంబరుతో జతచేయాలి. లేకపోతే ఒకే సరుకు రెండుసార్లు లెక్కకు వస్తుంది. సంవత్సరాంతానికి బిల్లు రాకపోయినా, అందుకున్న సరుకు ఖరీదును ఆ సంవత్సరపు కొనుగోళ్లలో చేర్చాలి.

నిల్వ లేనిదే అమ్మకం నమోదు కాకుండా సాఫ్ట్‌వేర్‌ను బిగించవచ్చు. కాని కౌంటరు దగ్గర కొనుగోలుదారు నిలబడి ఉంటే, గుమాస్తా నిల్వ ఉన్న మరో సరుకు పేరుతో బిల్లు కొట్టే ప్రమాదం ఉంది. అప్పుడు తప్పు కనిపించకుండా దాక్కుంటుంది. అందువల్ల రాక నమోదు క్రమబద్ధం అయ్యేవరకు హెచ్చరిక మాత్రమే పెట్టుకొని, టాలీలోని Exception Reports కింద ఉన్న Negative Stock జాబితాను రోజూ చూడటం మేలు.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. 500 బస్తాల నిల్వ ఉన్న దుకాణంలో ఇదే చలానా మరచిపోతే మైనస్ రాదు, తప్పు మాత్రం ఉంటుంది. కాబట్టి జాబితా ఖాళీగా ఉన్నా సరుకు లెక్కింపు మానరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పై ఉదాహరణలో మార్చి 30న 70కి బదులు 35 బస్తాలే అమ్మితే, మార్చి 31న సాఫ్ట్‌వేర్ చూపే నిల్వ ఎంత? గోదాములో ఉన్నది ఎంత? ఈ తప్పు నెగెటివ్ స్టాక్ జాబితాలో కనిపిస్తుందా?

జవాబు: సాఫ్ట్‌వేర్‌లో 5, గోదాములో 105. జాబితాలో కనిపించదు.